కవిత వచ్చింది: మనిషా, పద్యమా? మామూలు మాటలే పేర్లయినప్పుడు జాబితా కట్టడం

ప్రశ్న: తెలుగు వార్తల్లో వ్యక్తుల పేర్లు గుర్తించే ప్రోగ్రాం రాస్తున్నాను. పేర్ల జాబితా ఒకటి పోగు చేశాను. కానీ కవిత, ఆశ, శాంతి, సంధ్య, జ్యోతి లాంటివి మామూలు అర్థంలో వచ్చినా అది పేర్లుగానే పట్టుకుంటోంది. వాటిని జాబితాలోంచి తీసేస్తే నిజమైన పేర్లు పోతున్నాయి. ఉంచాలా, తీసేయాలా?

సమాధానం:

ఉంచండి. ఒక్కటి కూడా తీయవద్దు. అయితే ప్రతి పేరు పక్కన, అది మీ వార్తల్లో ఎన్నిసార్లు కనిపిస్తే అందులో ఎన్నిసార్లు మనిషి పేరుగా వచ్చిందో లెక్క రాసి పెట్టండి. "ఈ మాట జాబితాలో ఉంది కాబట్టి పేరే" అని తీర్పు చెప్పే అధికారాన్ని జాబితా నుంచి తీసేయండి. జాబితా ఒక సాక్షి మాత్రమే. తీర్పు చెప్పవలసింది ఆ మాట చుట్టూ ఉన్న వ్యాకరణం. తెలుగులో ఆ వ్యాకరణం మనకు చాలానే సాయం చేస్తుంది, ఒక్క చోట తప్ప. ఆ ఒక్క చోటనే మీరిప్పుడు ఇరుక్కున్నారు.

మీరు ఇచ్చిన ఐదు పేర్లనూ మళ్లీ చూడండి. ఐదూ ఆడవాళ్ల పేర్లే. ఇది యాదృచ్ఛికం కాదు. మగవాళ్ల పేర్లలోనూ మామూలు మాటల నుంచి వచ్చినవి చాలా ఉన్నాయి. కానీ ఇప్పటి వాడుకలో వాటిలో చాలా వాటికి చివర పొల్లు వస్తుంది. కిరణం మాట, కిరణ్ పేరు. ఆనందం మాట, ఆనంద్ పేరు. వినయం మాట, వినయ్ పేరు. రాతలోనే రెండూ విడిపోయాయి. ప్రకాశం, సత్యం లాంటి పాతతరం పేర్లు, రవి, రాజు వంటి కొన్ని మిగిలినా వాటి సంఖ్య తక్కువ. ఆడవాళ్ల పేర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా లేదు. కవిత, కల్పన, భావన, రేఖ, ఆశ, దయ, వెన్నెల: పేరుకీ మాటకీ ఒకటే రూపం.

రెండో దెబ్బ క్రియ నుంచి వస్తుంది. "కిరణ్ వచ్చాడు" అంటే మనిషే. కానీ తెలుగు వ్యాకరణం ప్రకారం స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో, అంటే వస్తువులు, జంతువుల లాంటి మాటలతో, కలిసిపోతాయి. అందువల్ల "కవిత వచ్చింది" అన్న వాక్యంలో వచ్చింది మనిషో, పత్రికలో పద్యమో క్రియ చెప్పదు. అంటే ఎక్కడ రాత సాయం చేయదో సరిగ్గా అక్కడే క్రియ కూడా చేతులెత్తేస్తుంది. అందుకే "అయోమయంగా ఉన్న మాటలన్నీ తీసేద్దాం" అనే పరిష్కారం పైకి పరిశుభ్రంగా కనిపించినా, నిజానికి అది మీ ఫలితాల్లోంచి ఆడవాళ్లను తీసేయడమే అవుతుంది.

ఇది నేను చేసిన తప్పే. కొన్నేళ్ల కిందట ఒక పాత వార్తల సంగ్రహానికి వ్యక్తుల సూచిక తయారు చేసే పని చేశాను. నిఘంటువులో మామూలు మాటగా కనిపించిన ప్రతి పేరునూ పేర్ల జాబితాలోంచి కొట్టేశాను. పరీక్షలో ఖచ్చితత్వం పెరిగింది, అందరం సంతోషించాం. చాలా రోజుల తర్వాత ఆ సూచికను వాడుతున్న ఒకావిడ ఒక వార్త చూపించారు. ఒక సమావేశానికి హాజరైన ఆరుగురి పేర్లు అందులో ఉన్నాయి. సూచికలో నాలుగే ఉన్నాయి, నాలుగూ మగవాళ్లవే. పోయిన రెండు పేర్లు సంధ్య, కల్పన. ఆ వాక్యం "తదితరులు పాల్గొన్నారు" అని ముగిసింది. అంత స్పష్టమైన సాక్ష్యం పక్కనే ఉన్నా, జాబితాలో లేని మాటను నా ప్రోగ్రాం అసలు పరిశీలించనే లేదు. ఆ రోజు నుంచి నేను ఏ పేరునూ కొట్టేయలేదు.

ఇక పని ఎలా చేయాలో చెబుతాను.

ముందు పేర్లు. వికీడేటాలో మనుషులకు `P31` విలువ `Q5` ఉంటుంది. తెలుగు వికీపీడియాలో వ్యాసం ఉన్న మనుషుల తెలుగు పేర్లు ఇలా తెచ్చుకోవచ్చు:

```sparql
SELECT ?l WHERE {
  ?s schema:about ?p ;
     schema:isPartOf <https://te.wikipedia.org/> .
  ?p wdt:P31 wd:Q5 ; rdfs:label ?l .
  FILTER(LANG(?l) = "te")
}
```

వచ్చినవాటిని పూర్తి పేర్లుగా దాచుకోకండి. ముక్కలు చేసి, ఏ ముక్క ఎన్నిసార్లు ఏ స్థానంలో వచ్చిందో లెక్కపెట్టండి. తెలుగులో ఇంటిపేరు సాధారణంగా ముందు వస్తుంది కాబట్టి మొదటి ముక్కలన్నీ ఒక ఫైల్లో, మిగిలినవి మరో ఫైల్లో పెట్టుకోవాలి. ఈ విభజన ఎందుకో తర్వాత చెబుతాను. ప్రముఖుల పేర్లలో కొత్త తరం పేర్లు తక్కువగా ఉంటాయి. అందువల్ల మీ వార్తల్లోనే "గారు"కు ముందు, "కుమార్తె", "భార్య", "కుమారుడు" అన్న మాటల తర్వాత వచ్చే మాటలను కూడా ఏరి, కంటితో చూసి చేర్చుకోండి. నా అనుభవంలో బయటి నుంచి తెచ్చిన ఏ జాబితా కన్నా ఇలా సొంత పాఠం నుంచి ఏరిన పేర్లే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

తర్వాత విభక్తులు. పేరు వార్తలో ఒంటరిగా కనిపించేది తక్కువ. కవితను, కవితకు, కవితతో, కవితగారికి అని వస్తుంది. ఇక్కడ తొందరపడి "పేరుతో మొదలైన మాటలన్నీ" అని వెతికితే కొంప మునుగుతుంది. శివారు "శివ"తో మొదలవుతుంది. రమారమి "రమ"తో, హరివిల్లు "హరి"తో, రవికలు "రవి"తో మొదలవుతాయి. నిప్పు రాజుకుంది అంటే అందులో "రాజు" ఉన్నాడు. కాబట్టి పేరు తీసేశాక మిగిలిన తోక మొత్తం విభక్తుల పట్టికలో ఉంటేనే ఒప్పుకోవాలి:

```python
import unicodedata
TAILS = {"", "ను", "ని", "కు", "కి", "తో", "లు", "లో",
         "గారు", "గారి", "గారిని", "గారికి"}

def candidates(token, names):
    t = unicodedata.normalize("NFC", token)
    t = t.replace("\u200c", "")
    for i in range(1, len(t) + 1):
        if t[:i] in names and t[i:] in TAILS:
            yield t[:i], t[i:]
```

`\u200c` తీసేయడం మరిచిపోవద్దు. "కిరణ్‌కు" అని రాసేటప్పుడు పొల్లుకూ "కు"కూ మధ్య కంటికి కనిపించని ఆ అక్షరాన్ని కొందరు పెడతారు, కొందరు పెట్టరు. జాబితాలోని పేర్లను కూడా ఇదే విధంగా శుభ్రం చేసి ఉంచాలి, లేకపోతే రెండూ కలవవు. అలాగే ఈ ఫంక్షన్ ఒకే మాటకు రెండు జవాబులు ఇవ్వవచ్చు. "నందిని" అంటే నందిని అనే పేరు కావచ్చు, జాబితాలో నంది కూడా ఉంటే దానికి "ని" చేరి ఉండవచ్చు. ఆ దశలో ఏదో ఒకటి ఎంచుకోవద్దు, రెండింటినీ ముందుకు పంపండి. విభక్తే లేకుండా చిక్కు తెచ్చేవీ ఉన్నాయి. "రాము" పేరే, కానీ "మేము రేపు రాము" అన్నప్పుడు అది క్రియ. ఇలాంటివి నిఘంటువులో పేరుపదాలు వెతికితే దొరకవు, పాఠంలో చూస్తేనే తెలుస్తాయి.

ఇప్పుడు అసలు పని, లెక్క కట్టడం. జాబితాలోని పేర్లను మీ వార్తల్లో అవి కనిపించే సంఖ్య ప్రకారం వరుస పెట్టండి. వాటిలో నిఘంటువులో కూడా ఉన్నవాటిని గుర్తు పెట్టండి. ఆ వరుసలో పైనున్న కొద్ది మాటలే మీ తప్పుల్లో చాలా భాగానికి కారణం అవుతాయి. కాబట్టి అన్నింటినీ కొలవనక్కర లేదు, పైనుంచి కిందికి ఓపిక ఉన్నంతవరకు వెళ్లండి.

ఒక్కో మాటకు రెండు వందల వాక్యాలు తీసి, ప్రతిదాన్ని చదివి "పేరు", "మాట", "తేల్చలేను" అని మూడింటిలో ఒకటి రాయాలి. వంద వాక్యాలు తీసి అందులో ముప్పై శాతం పేరుగా తేలిందనుకుందాం. అసలు విలువ సుమారు ఇరవై ఒకటికీ ముప్పై తొమ్మిదికీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. రెండు వందలకు ఆ వెడల్పు ఇరవై నాలుగు నుంచి ముప్పై ఆరుకు తగ్గుతుంది. అంతకన్నా ఎక్కువ చదివితే తగ్గేది కొంచెమే, ఆ సమయాన్ని మరో మాట మీద పెట్టడం మంచిది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఒక వార్త నుంచి ఒకే వాక్యం తీయాలి. పేర్లు గుంపులుగా వస్తాయి. కవిత అనే ఆమె గురించి పెద్ద వార్త ఒకటి ఉంటే అందులోనే ఆ మాట పాతికసార్లు వస్తుంది. యాదృచ్ఛికంగా వాక్యాలు తీసినా ఆ ఒక్క వార్త మీ లెక్కను లాగేస్తుంది. ముందు వార్తలను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఒక్కోదాని నుంచి ఒక్క వాక్యం తీసుకుంటే ఆ బెడద ఉండదు.

ఫైల్లో శాతం రాయకండి, లెక్కలు రాయండి. ఇలా:

```
పేరు	లింగం	పేరుగా	మొత్తం	పాఠం
కవిత	స్త్రీ	60	200	వార్తలు
ఆశ	స్త్రీ	20	200	వార్తలు
లక్ష్మి	స్త్రీ	180	200	వార్తలు
```

ఈ అంకెలు వివరించడానికి నేను పెట్టినవి, మీవి మీరే కొలుచుకోవాలి. లెక్కలు రాసుకుంటే ఆ అంచనాను ఎంత నమ్మవచ్చో కూడా ఫైల్లోనే ఉంటుంది. ఇరవైలో ఆరు, రెండు వందల్లో అరవై రెండూ ముప్పై శాతమే, కానీ మొదటిదాన్ని నేను నమ్మను. "తేల్చలేను" అన్న వాక్యాలను ఈ రెండు గడుల్లోనూ కలపకుండా విడిగా ఉంచండి, వాటి అవసరం మళ్లీ వస్తుంది.

చుట్టూ ఉన్న సాక్ష్యం. పైన చెప్పినట్టు ఏకవచన క్రియ సాయం చేయదు. కానీ అదే వ్యాకరణం బహువచనంలో దారి మారుస్తుంది. అక్కడ స్త్రీవాచకాలు మహత్తులతో చేరతాయి. మనుషులైతే వచ్చారు, పద్యాలైతే వచ్చాయి. వార్తల్లో మర్యాద కోసం ఒక్కరికీ బహువచనమే వాడతారు కాబట్టి "కవిత వచ్చారు" అని ఉంటే సందేహం చాలావరకు తీరుతుంది. వార్తాశైలిలోని ఈ మర్యాద మీకు పెద్ద వరం. కథల్లో, సినిమా సమీక్షల్లో అది దొరకదు.

తర్వాతది "ను". తెలుగులో ప్రాణం లేనివి కర్మగా వచ్చినప్పుడు ద్వితీయా విభక్తిని తరచు వదిలేస్తాం, మనుషులకు వదలం. "కవిత చదివాను" అంటే పద్యం చదివినట్టు. "కవితను కలిశాను" అంటే మనిషిని కలిసినట్టు. "కవితను చదివాను" అని కూడా అంటారు కాబట్టి "ను" ఉంటే పేరే అనలేం. కానీ కర్మ స్థానంలో "ను" లేకపోతే అది మనిషి కాకపోవడానికే ఎక్కువ అవకాశం. "కవితలు" అన్న బహువచనం పేరుకు దాదాపు రాదు. "కవితలో" కూడా చాలావరకు పద్యమే, అయితే "కవితలో ఆందోళన కనిపించింది" అనే వాక్యం మనిషి గురించి కూడా రాయవచ్చు. అందుకే "లు" తోకను పక్కా వ్యతిరేక సాక్ష్యంగా, "లో" తోకను బలహీన వ్యతిరేక సాక్ష్యంగా పెట్టుకుంటాను.

వార్తల్లో మాత్రమే దొరికే గుర్తులు కొన్ని ఉన్నాయి. పేరు పక్కన కుండలీకరణాల్లో వయసు: "కవిత (32)". ముందు బంధుత్వం: "ఆయన భార్య శాంతి", "కుమార్తె జ్యోతి". తర్వాత "తదితరులు". కామాలతో వచ్చే వరుసలో పక్కవాళ్లు ఎవరో చూడటం అన్నిటికన్నా బలమైనది. "రమేష్, శాంతి, సురేష్ తదితరులు పాల్గొన్నారు" అన్నచోట శాంతి మనిషి. "శాంతి, అభివృద్ధి, సంక్షేమం తమ లక్ష్యాలని తెలిపారు" అన్నచోట కాదు. రెండు వాక్యాలూ "-ారు"తోనే ముగిశాయని గమనించండి. క్రియ ఒక్కటే చూస్తే రెండోదీ పేరుగా పడిపోతుంది.

వ్యతిరేక దిశలో పనిచేసేది జంటపదాల పట్టిక. శాంతికి బహువచనం లేదు కాబట్టి "లు" పరీక్ష దాని మీద పనిచేయదు. కానీ శాంతి భద్రతలు, శాంతి చర్చలు, శాంతి ఒప్పందం అన్నవి గట్టిపడిన జంటలు. "ఆశ కార్యకర్తలు" కూడా అలాంటిదే, అక్కడ ఆశ పేరూ కాదు, కోరికా కాదు. ప్రతి చిక్కుమాటకూ తర్వాత ఎక్కువగా వచ్చే ముప్పై మాటలు తీసి చూస్తే ఈ జంటలు పది నిమిషాల్లో బయటపడతాయి. నగర్, పురం, వీధి లాంటి తోకలతో వచ్చే ఊరి పేర్లను కూడా ఈ పట్టికలోనే పెట్టేయవచ్చు.

ఇప్పుడు లెక్కనూ సాక్ష్యాన్నీ ఎలా కలపాలో ఒక ఉదాహరణతో చూద్దాం. కవిత రెండు వందల్లో అరవైసార్లు పేరు, నూట నలభైసార్లు మాట. అంటే మూడుకు ఏడు. విభక్తి లేకుండా వచ్చి, వాక్యం "-ారు" క్రియతో ముగియడం అనే గుర్తు ఆ అరవైలో ఇరవై నాలుగింట, నూట నలభైలో పద్నాలుగింట కనిపించిందనుకుందాం. మొదటిది నలభై శాతం, రెండోది పది శాతం. గుర్తు బలం నాలుగు రెట్లు. మూడును నాలుగుతో గుణిస్తే పన్నెండు. పన్నెండుకు ఏడు, అంటే సుమారు 63 శాతం పేరు.

అదే గుర్తు ఆశ పక్కన కనిపిస్తే? ఆశ మొదటి లెక్క ఒకటికి తొమ్మిది. నాలుగుతో గుణిస్తే నాలుగుకు తొమ్మిది, అంటే 31 శాతమే. లక్ష్మికి తొమ్మిదికి ఒకటి కాస్తా ముప్పై ఆరుకు ఒకటి అవుతుంది, 97 శాతం. వాక్యం తీరు ఒకటే, గుర్తు ఒకటే, తీర్పులు మూడు. జాబితాలో ఆ లెక్క ఉంచుకోమని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆశ విషయంలో ఇంకో సాక్ష్యం కావాలి. పక్కన కామాతో మరో పక్కా పేరు ఉండటం పది రెట్ల బలమైన గుర్తు అనుకుంటే నాలుగుకు తొమ్మిది నలభైకి తొమ్మిది అవుతుంది, 82 శాతం.

గుర్తు బలాన్ని ఒక్కో మాటకు విడిగా కొలవనక్కర లేదు. చదివిన చిక్కుమాటలన్నింటి వాక్యాలూ కలిపి ఒకేసారి కొలిస్తే స్థిరమైన అంకె వస్తుంది. మాటకు సొంతమైనది మొదటి లెక్క మాత్రమే. ఒక జాగ్రత్త: ఇలా గుణించడం సరిగ్గా ఉండాలంటే గుర్తులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. "తదితరులు", "పాల్గొన్నారు" తరచు జంటగానే వస్తాయి. రెండింటినీ విడివిడిగా గుణిస్తే ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినట్టు అవుతుంది. ఒక కుటుంబానికి చెందిన గుర్తుల్లో బలమైనదాన్ని ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోండి.

వాక్యం దాటి వార్త మొత్తం చూడటం కూడా చాలా సాయం చేస్తుంది. ఒకే రచనలో ఒక మాట సాధారణంగా ఒకే అర్థంలో వస్తుందని గేల్, చర్చ్, యారోస్కీ 1992లో చూపించారు. "కవితగారు" అని ఒక్కసారి తేలితే ఆ వార్తలోని మిగతా ఒంటరి "కవిత"లన్నీ పేరు వైపు మొగ్గుతాయి. దీనికి ఎదురు ఉదాహరణ మన పేర్లలోనే ఉంది. కవిత అనే కవయిత్రి మీద వ్యాసంలో "కవిత రాసిన తొలి కవిత" అని ఉంటుంది. అందుకే వార్త నుంచి వచ్చిన సాక్ష్యాన్ని కూడా ఒక గుర్తుగానే గుణించండి, అందరి మీదా రుద్దే ఆజ్ఞగా కాదు. "లు" తోక, జంటపదాల పట్టిక ఎప్పుడూ దానికన్నా పైనుండాలి.

ఇంటిపేర్లు విడిగా ఎందుకు పెట్టమన్నానంటే, అవి ఇంకా ముదురు. బండి, గుర్రం, పులి, కత్తి, చింత: ఇవన్నీ ఇంటిపేర్లే. ఒంటరిగా కనిపిస్తే వీటిని పేరుగా అసలు పట్టుకోకూడదు. తర్వాత మాట పేర్ల ఫైల్లో ఉంటేనే పరిశీలించాలి. అలా పెట్టినా ఒక వల మిగిలే ఉంటుంది. "బండి రవి నడిపాడు" అన్న వాక్యం చూడండి. బండి అనేది రవి ఇంటిపేరు కావచ్చు. లేదా బండిని రవి నడిపి ఉండవచ్చు. ప్రాణం లేనిదానికి "ని" వదిలేసే అలవాటు, మాటలను అటూఇటూ మార్చుకునే స్వేచ్ఛ రెండూ కలిసి ఈ చిక్కు తెచ్చాయి. "గుర్రం రవి కొన్నాడు" కూడా అలాగే. నేను చేసేది ఇది: ఇంటిపేరుగా ఒప్పుకోవాలంటే అదే జంట ఆ వార్తలో మరోసారి వేరే క్రియతో రావాలి, లేదా "బి. రవి" లాంటి పొడి అక్షరం కనబడాలి. రెండూ లేకపోతే "రవి" ఒక్కదాన్నే పేరుగా తీసుకుని బండిని వదిలేస్తాను. ఇంటిపేరు పోతే పోయింది, మనిషి దొరికాడు.

మీరు తర్వాత నేర్చుకునే మోడల్ ఏదైనా కడితే, జాబితాను "ఉంది, లేదు" అని కాకుండా ఈ శాతాన్ని నాలుగైదు అంతస్తులుగా చేసి ఇవ్వండి. శిక్షణ సమయంలో జాబితాలోని పేర్లలో కొన్నింటిని ప్రతిసారీ యాదృచ్ఛికంగా దాచేయండి. లేకపోతే శిక్షణ వాక్యాల్లోని పేర్లన్నీ జాబితాలో ఉండటం చూసి మోడల్ చుట్టుపక్కల చూడటం మానేస్తుంది, జాబితాలో లేని కొత్త పేరు వచ్చినప్పుడు తెల్లబోతుంది.

పరీక్ష విషయంలో ఒకే ఒక్క మాట గట్టిగా చెబుతాను. మొత్తం మీద ఒక్క అంకె చూసి సంతృప్తి పడవద్దు. నేను మోసపోయింది అక్కడే. చిక్కుమాటలున్న వాక్యాలతో విడిగా ఒక పరీక్ష పెట్టుకోండి. ఆడవాళ్ల పేర్లలో ఎన్ని దొరికాయి, మగవాళ్ల పేర్లలో ఎన్ని దొరికాయి అన్నది రెండు వేర్వేరు అంకెలుగా చూడండి. వాటి మధ్య దూరం పెరుగుతోందంటే, పైనున్న మొత్తం అంకె ఎంత బాగున్నా, చిక్కుమాటలను మీరెక్కడో అణగదొక్కుతున్నట్టే. ముందు చూడవలసింది జంటపదాల పట్టిక. అందులో మరీ వెడల్పైన జంట ఒకటి చేరి ఉంటుంది. ఒకసారి నా పట్టికలో "జ్యోతి వెలిగించి" అని చేరింది. "సభను జ్యోతి వెలిగించి ప్రారంభించారు" అన్న వాక్యాలను ఆపడానికి దాన్ని పెట్టాను. అది "కార్యక్రమాన్ని జ్యోతి వెలిగించిన దీపంతో" అన్న చోట ఒక నిజమైన జ్యోతిని మింగేసింది. నేను తోకలు కత్తిరించి పోల్చడం వల్ల వెలిగించి, వెలిగించిన రెండూ ఒకటైపోయాయి. జంటపదాల పట్టికను మాత్రం పూర్తి రూపాలతోనే పోల్చాలని అప్పుడు తెలిసింది.

ఈ లెక్కలు మీ వార్తలకే చెల్లుతాయి. అదే ఫైలును సాహిత్య పేజీల మీద నడిపితే కవిత, కల్పన, భావన మూడూ కూలిపోతాయి. అక్కడ అవి రోజువారీ మాటలు. గణిత పాఠాల్లో రేఖ అంతే. అందుకే ఫైల్లో చివరి గడి "పాఠం" అని పెట్టాను. కొత్త రకం పాఠం వస్తే పాత లెక్కను మార్చకుండా దాని కింద కొత్త వరుస చేర్చండి. అక్కడ పైనున్న ఇరవై మాటలకు వంద వాక్యాల చొప్పున చదివితే మొదలుపెట్టడానికి సరిపోతుంది.

ఇక "తేల్చలేను" అని పక్కన పెట్టిన వాక్యాలు. "కవిత బాగుంది", "సంధ్య వచ్చింది" లాంటివి అక్కడ చేరతాయి. చదివిన మీరే ముందూ వెనకా వాక్యాలు చూడకుండా చెప్పలేకపోయారు కాబట్టి ఒక్క వాక్యం మాత్రమే చూసే ప్రోగ్రాం నుంచి జవాబు ఆశించవద్దు. వాటిని పరీక్షలో తప్పుగా లెక్కించవద్దు. ముందు రెండు, వెనక రెండు వాక్యాలు కలిపి మళ్లీ చదవండి. తర్వాతి వాక్యంలో "ఆమె" అని ఉంటే చాలావరకు తేలిపోతాయి. అలా తేలినవెన్నో లెక్కపెడితే, వాక్యం దాటి చూసే భాగం కట్టడానికి పెట్టే శ్రమ మీ పాఠానికి గిట్టుబాటు అవుతుందో లేదో ఆ అంకే చెబుతుంది.